ఏడాదికోసారి వచ్చేవారికి పునరుత్థానం గురించి చెప్పడం: లూకా 24:1–12 మీద ఒక ఈస్టర్ ప్రసంగం, కేస్ స్టడీ

మామూలు ఆదివారం నేను ప్రసంగం మొదలుపెట్టేసరికి వినేవాళ్ళకు సగం కథ ముందే తెలిసి ఉంటుంది. పేతురు ఎవరో, సబ్బాతు అంటే ఏమిటో, శిష్యులు ఎందుకు దాక్కున్నారో ఎవరికీ విడిగా చెప్పక్కర్లేదు. ఈస్టర్ ఉదయం అలా ఉండదు. జనం రెట్టింపుకు పైగా వస్తారు. ఆ వచ్చినవాళ్ళలో సంఘ సభ్యుల పిల్లలుంటారు, వేరే నమ్మకంలో ఉన్న భర్తలూ భార్యలూ ఉంటారు, ఒకప్పుడు మనసు నొచ్చుకుని దూరమైనవాళ్ళు ఉంటారు. ఆ ఏడాదిలో అయినవాళ్ళను సమాధి చేసి వచ్చినవాళ్ళు తప్పకుండా ఉంటారు. వీళ్ళందరినీ ‘అవిశ్వాసులు’ అని ఒకే గుంపుగా చూస్తే ప్రసంగం మొదట్లోనే దారి తప్పుతుంది. నమ్మకం విషయంలో ఎవరి స్థితి వారిది. అందరికీ ఉమ్మడిగా ఉన్నది ఒక్కటే: ఈ ఉదయానికి ముందు ఏం జరిగిందో వాళ్ళకు గుర్తులేదు, లేదా ఎప్పుడూ సరిగ్గా వినలేదు.

ఇక్కడ రాస్తున్నది అలాంటి ఒక ఈస్టర్ ఆరాధనకు నేను సిద్ధం చేసిన ప్రసంగం గురించి. ఆ వాక్యభాగం ఎందుకు ఎంచుకున్నాను, ఏం తీసేశాను, ఏ మాటలు ఎలా చెప్పాను, తర్వాత ఏ ప్రశ్నలు వచ్చాయి అన్నవి ఇందులో ఉన్నాయి.

వాక్యభాగం ఎంపిక

ముందు నా దృష్టి మొదటి కొరింథీయులకు 15వ అధ్యాయం మీదికే వెళ్ళింది. పునరుత్థానం గురించి అంత స్పష్టంగా చెప్పే భాగం ఇంకొకటి లేదు. కానీ అది వాదన. ముందే సువార్త విని నమ్మిన సంఘానికి పౌలు రాసిన మాటలు. మొదటిసారి వినేవారికి వాదన కంటే ముందు సంఘటన తెలియాలి. యోహాను 20లో మగ్దలేనే మరియ కథ చాలా అందమైనది, అయితే అందులో మరియకూ యేసుకూ మధ్య ఉన్న అనుబంధం తెలిసినవారికే దాని బరువు అందుతుంది.

లూకా 24:1–12 దగ్గర ఆగిపోవడానికి కారణం అందులోని మనుషులు. ఆ ఉదయం సమాధికి వెళ్ళినవాళ్ళలో ఎవరూ పునరుత్థానం కోసం వెళ్ళలేదు. స్త్రీలు సుగంధ ద్రవ్యాలు పట్టుకుని వెళ్ళారు, అంటే శవానికి చేయాల్సింది చేద్దామని వెళ్ళారు. తిరిగివచ్చి జరిగింది చెబితే అపొస్తలులకు ఆ మాటలు ‘వెఱ్ఱిమాటలుగా కనబడెను’ అని లూకా దాచకుండా రాశాడు. పేతురు పరుగెత్తి వెళ్ళి, వంగి చూసి, నారబట్టలు మాత్రమే కనబడితే ఆశ్చర్యపడుతూ ఇంటికి వెళ్ళిపోయాడు. ఈస్టర్ వార్త విన్న మొట్టమొదటి మగవాళ్ళు దాన్ని నమ్మలేదు, వాళ్ళు యేసుతో కలిసి తిరిగిన శిష్యులే అయినా. బెంచీ చివర మొహమాటంగా కూర్చున్న మనిషికి ఈ కథలో చోటు నేను కల్పించాల్సిన పని లేదు, లూకాయే ఇచ్చాడు.

ఈ భాగానికి ఒక ఇబ్బంది ఉంది. ఈ పన్నెండు వచనాల్లో యేసు ఎక్కడా కనిపించడు. ఖాళీ సమాధితో ఆపేస్తే వినేవారికి మిగిలేది ఒక వింత, అంతే. అందుకే అదే అధ్యాయంలో 36 నుంచి 43 వరకూ ఉన్న భాగాన్ని కూడా చివర్లో తీసుకోవాలని నిర్ణయించుకున్నాను. యేసు శిష్యుల మధ్య నిలబడి, చేతులూ పాదాలూ చూపించి, వాళ్ళ ఎదుట కాల్చిన చేప ముక్క తిన్న భాగం అది.

ఒక్క వాక్యం, ఒక్క పరీక్ష

ప్రసంగం రాసే ముందు దాని సారాన్ని ఒక్క వాక్యంలో రాసుకోవడం నాకు అలవాటు. ఈసారి రాసుకున్నది ఇది: చనిపోయి సమాధి చేయబడిన యేసును దేవుడు శరీరంతో సహా లేపాడు, ఆయన ఇక చనిపోడు, ఆయన్ని నమ్ముకున్నవారినీ దేవుడు అలాగే లేపుతాడు.

తర్వాత ప్రతి పేరాకూ ఒక ప్రశ్న వేశాను. యేసు దేహం ఈ రోజుకీ ఆ సమాధిలోనే ఉండి ఉంటే, ఈ పేరా అప్పుడు కూడా నిలుస్తుందా? నిలిచేటట్లయితే అది ఈస్టర్ ప్రసంగంలో ఉండాల్సిన పేరా కాదు. ఈ పరీక్ష నాది కాదు, పౌలుది. ‘క్రీస్తు లేపబడియుండనియెడల మేముచేయు ప్రకటన వ్యర్థమే’ అన్నాడు ఆయన.

చాలా ఈస్టర్ ప్రసంగాలు ఈ పరీక్షలో నిలబడవు. ‘సమాధి రాయి దొర్లిపోయినట్టే నీ అప్పుల రాయి, నీ జబ్బు రాయి దొర్లిపోతుంది’ అనేది మనం ఎన్నోసార్లు విన్నదే. వినేటప్పుడు బాగానే ఉంటుంది. కానీ సమాధి ఖాళీ కాకపోయినా ఆ మాట చెప్పుకోవచ్చు, ఎందుకంటే అక్కడ రాయి ఒక పోలికగా మారిపోయింది. పైగా ఏడాదికోసారి వచ్చిన మనిషి ఆ మాట నమ్మి ఇంటికి వెళ్ళాక అప్పు అలాగే ఉంటే, వచ్చే ఏడాదికి పునరుత్థానం కూడా ఆయన లెక్కలో ఆ అప్పు పక్కనే చేరుతుంది. ‘ప్రతి రాత్రికీ ఒక తెల్లవారుజాము ఉంటుంది’, ‘మంచి ఎప్పటికైనా గెలుస్తుంది’ లాంటి మాటలదీ ఇదే సంగతి. వాటిలో అబద్ధమేమీ లేకపోవచ్చు. వాటిని చెప్పడానికి యేసు లేవనక్కర్లేదు, నా అభ్యంతరం అంతే.

బయటివారితో చదివించడం

డ్రాఫ్ట్ పూర్తయ్యాక సంఘ పెద్ద ఒకరి బంధువుకు ఇచ్చాను. ఆయన చదువుకున్న మనిషి, చర్చికి రారు. బాగుందా అని అడగలేదు. ఎక్కడ ఆగిపోయారో అక్కడ పెన్సిల్‌తో గీత పెట్టమన్నాను, అంతే.

ఆయన గీత పెట్టిన చోట్లు నేను ఊహించినవి కావు. పెద్ద పెద్ద సిద్ధాంతపు మాటల దగ్గర ఆయన ఆగలేదు, వాటిని దాటుకుని వెళ్ళిపోయారు. ‘పదకొండుగురు’ దగ్గర ఆగారు. పన్నెండుమంది కదా, ఒకరేమయ్యారు? శిష్యులను పదకొండుగురు అని చెప్పేటప్పుడు, పన్నెండోవాడు యేసును శత్రువులకు పట్టించినవాడు అని ఒక్క ముక్క కలిపితే సరిపోయింది. స్త్రీలు శుక్రవారమే ఆ పని చేయకుండా ఆదివారం దాకా ఎందుకు ఆగారన్నది రెండో గీత. విశ్రాంతి దినం మొదలవుతోంది కాబట్టి ఆగారు, దానికీ ఒక వాక్యం చాలు. మూడోది మాత్రం వాక్యంతో తీరేది కాదు. ‘సమాధి ఖాళీగా ఉంటే ఎవరో ఎత్తుకెళ్ళి ఉండొచ్చు కదా?’ అని మార్జిన్‌లో రాశారు.

ఆ ప్రశ్నను ప్రసంగంలోకే తీసుకున్నాను. ఇలా చెప్పాను:

“సమాధి ఖాళీగా ఉంటే ఎవరో ఎత్తుకెళ్ళారనుకోవచ్చు కదా అని మీకు అనిపిస్తే, మీకంటే ముందు అలా అనుకున్నవాళ్ళు ఉన్నారు. మగ్దలేనే మరియ మొదట అనుకున్నది అదే, యోహాను సువార్తలో ఉంది. శిష్యులే రాత్రివేళ ఎత్తుకెళ్ళారన్న పుకారు గురించి మత్తయి రాశాడు. లూకా చెప్పేదాన్ని బట్టి పేతురు కూడా ఖాళీ సమాధి చూసి ఆశ్చర్యపడి ఇంటికి వెళ్ళిపోయాడు. ఖాళీ సమాధి వాళ్ళను కలవరపెట్టింది. వాళ్ళను మార్చింది ఆయన్ని కలవడం. చచ్చిపోయాడని తెలిసిన మనిషి ఎదుట నిలబడి, నన్ను పట్టి చూడండి అన్నాడు. తినడానికి ఏమైనా ఉందా అని అడిగాడు.”

దీని తర్వాత పౌలు సాక్ష్యం క్లుప్తంగా చెప్పాను. సిలువ మరణం జరిగిన పాతికేళ్ళ అటూ ఇటూలో ఆయన కొరింథు సంఘానికి ఉత్తరం రాస్తూ, లేచిన యేసును చూసినవాళ్ళ జాబితా ఇస్తాడు. ఒకేసారి ఐదువందలమందికి పైగా చూశారని, వాళ్ళలో ఎక్కువమంది ఇంకా బతికే ఉన్నారని అంటాడు. అంటే, వెళ్ళి అడగండి అన్నట్టే. ఇక్కడ ఒక జాగ్రత్త పాటించాను. దీన్ని రుజువు అనలేదు, సాక్ష్యం అన్నాను. సాక్ష్యాన్ని నమ్మాలా వద్దా అన్నది వినేవారే తేల్చుకోవాలి. ‘ఇది చరిత్రలో తిరుగులేకుండా నిరూపితమైంది’ అని గట్టిగా అనేస్తే, ఆలోచించే మనిషి సరిగ్గా ఆ మాట దగ్గరే మనల్ని వదిలేస్తాడు.

పునరుత్థానం అంటే ఏది కాదో చెప్పడం

ప్రసంగంలో నేను ఎక్కువ సమయం ఇచ్చింది దీనికే. ‘యేసు లేచాడు’ అని వినగానే చాలామంది మనసులో మరేదో మెదులుతుంది. సమాధి చేసే చోట వాళ్ళతో మాట్లాడినప్పుడు ఇది నాకు బాగా తెలిసింది. కొందరికి అది ఆత్మ బతికే ఉంటుందన్న ఓదార్పు. కొందరికి మన జ్ఞాపకాల్లో జీవించడం. ఇంకొందరికి మరో జన్మ ఎత్తడం. చాలామంది విశ్వాసులకు కూడా అది చచ్చినవాడు మళ్ళీ ఊపిరి పోసుకోవడం, అంతవరకే.

చివరిదాన్ని ముందు తీసుకున్నాను, దానికి బైబిల్లోనే ఒక కథ ఉంది కాబట్టి:

“చచ్చిపోయి నాలుగు రోజులైన లాజరును యేసు పిలిస్తే అతను బయటికి వచ్చాడు. కాళ్ళూ చేతులూ కట్టిన బట్టలతోనే వచ్చాడు, ఇంకొకరు విప్పాల్సి వచ్చింది. తర్వాత ప్రధానయాజకులు అతన్ని కూడా చంపాలని ఆలోచించారని యోహాను రాశాడు. అంటే లాజరును మళ్ళీ చంపవచ్చు. అతను వెనక్కి, ఇదే బతుకులోకి వచ్చాడు. మళ్ళీ ఒక రోజు చనిపోతాడు. యేసు వెనక్కి రాలేదు. మరణంలోకి వెళ్ళి, దాని అవతలి వైపుకు దాటాడు. ఆయన్ని చుట్టిన బట్టలు సమాధిలోనే ఉండిపోయాయి. ఆయన్ని ఇక ఎవరూ చంపలేరు.”

మిగతా వాటి గురించి ఎవరి నమ్మకాన్నీ తక్కువ చేయకుండా, తేడా మాత్రం తెలిసేలా చెప్పాను. యేసు చేతుల్లో గాయాల గుర్తులున్నాయి, అంటే లేచినవాడు సిలువ మీద చనిపోయినవాడే, ఇంకొకరుగా పుట్టినవాడు కాదు. ఆయన చేప తిన్నాడు, అంటే శరీరం లేని ఆత్మగా రాలేదు. శిష్యుల జ్ఞాపకాల్లో మాత్రమే బతికేవాడైతే వాళ్ళు ఎదురుచూడనప్పుడు వచ్చి వాళ్ళను భయపెట్టేవాడు కాదు. దేవుడు మనల్ని శరీరంలోంచి తప్పించడు, శరీరాన్నే మరణం నుంచి తప్పిస్తాడు. ఈ వాక్యం దగ్గర ఆగి, నెమ్మదిగా రెండుసార్లు చెప్పాను.

ఆయన ఎందుకు చనిపోయాడో చెప్పకుండా లేచాడని మాత్రం చెబితే ఆశ సగమే అందుతుంది. అందుకని శుక్రవారం గురించి కొన్ని వాక్యాలు పెట్టాను: మనం దేవునికీ ఒకరికొకరికీ చేసిన తప్పుల భారం ఆయన తన మీద వేసుకుని చనిపోయాడు, దేవుడు ఆయన్ని లేపడం ద్వారా ఆ భారం తీరిపోయిందని చెప్పాడు. ఇంకా వివరించాలని ఉన్నా ఆపేశాను. సిలువ మీద పూర్తి ప్రసంగం వేరే రోజుది.

దుఃఖంలో ఉన్నవారితో

ఆ ఏడాది అయినవాళ్ళను పోగొట్టుకున్నవారికి ఈస్టర్ పాటలు కష్టంగా ఉంటాయి. చుట్టూ అందరూ సంతోషంగా పాడుతుంటే తన దుఃఖం ఏదో విశ్వాస లోపమన్నట్టు అనిపిస్తుంది. కొందరు బోధకులు ఆ భావాన్ని ఇంకా గట్టిపరుస్తారు, ‘ఆయన లేచాడు గనుక ఏడవకండి’ అని. పౌలు థెస్సలొనీకయులకు రాసింది అది కాదు. నిరీక్షణలేని ఇతరులవలె దుఃఖపడకుండునట్లు అన్నాడు. దుఃఖపడవద్దని అనలేదు. లాజరును లేపబోతూ కూడా యేసు కన్నీళ్ళు పెట్టుకున్నాడు.

అందుకే ప్రసంగంలో వాళ్ళతోనే నేరుగా ఇలా మాట్లాడాను: “ఈ ఏడాది మీరు ఎవరినైనా మట్టిలో పెట్టి వచ్చి ఉంటే, ఈ ఉదయం ఏడుపు వస్తే ఏడవండి. మరణం మంచిదని మేము చెప్పం. బైబిల్ దాన్ని శత్రువు అంటుంది, చివరి శత్రువు అంటుంది. మేము చెప్పేది ఒకటే: ఆ శత్రువు ఒక మనిషిని పట్టుకుని నిలుపుకోలేకపోయాడు. ఆ మనిషి తనవాళ్ళను కూడా బయటికి తెస్తానని మాటిచ్చాడు.”

చెప్పకూడదనుకున్నవి

‘ఏడాదికోసారే వస్తారు’ అనే మాట వేదిక మీద ఏ రూపంలోనూ రాకూడదని ఆరాధన నడిపించేవారితో ముందే అనుకున్నాం. నవ్వుతూ అన్నా అది ఎత్తిపొడుపే. 398లో కాన్‌స్టాంటినోపుల్ ఆర్చిబిషప్ అయిన జాన్ క్రిసోస్టమ్ పేరుతో వస్తున్న చిన్న ప్రసంగాన్ని ఆర్థడాక్స్ సంఘాలు ఈనాటికీ ఈస్టర్ ఆరాధనలో చదువుతాయి. అందులో మొదటి గంటకే వచ్చినవారినీ పదకొండో గంటకు వచ్చినవారినీ, ఉపవాసమున్నవారినీ ఉండనివారినీ ఒకే విందుకు పిలుస్తాడు. ఆలస్యంగా వచ్చినవారు భయపడనక్కర్లేదంటాడు. మత్తయి 20లోని ద్రాక్షతోట పనివాళ్ళ ఉపమానం దీనికి ఆధారం. మనం ఆ స్వరంతోనే మాట్లాడాలని పెద్దలతో అన్నాను.

చివర్లో చేతులెత్తమని గానీ ముందుకు రమ్మని గానీ పిలవలేదు. వందలమంది ముందు చెయ్యెత్తించడంలో కుటుంబ ఒత్తిడి ఎంతో, నిజమైన నిర్ణయం ఎంతో తేల్చడం కష్టం. చిన్న ప్రార్థన ఒకటి గట్టిగా చదివి, కలవాలనుకున్నవారు మనసులో కలవవచ్చు, లేనివారు ఊరికే కూర్చోవచ్చు అన్నాను. ప్రసంగం మొత్తం పద్దెనిమిది నిమిషాలు. నా మామూలు ప్రసంగంలో అది సగమే.

తర్వాత వచ్చిన మాటలు

ఆరాధన అయ్యాక సంఘంలో చాలాకాలంగా ఉన్న ఒక అక్క, “పాస్టర్ గారూ, మాకు కొత్తగా ఏమీ చెప్పలేదు” అన్నారు, కొంచెం నిష్ఠూరంగానే. ఆమె మాట నిజమే. కానీ కొరింథీయులకు పౌలు కూడా అప్పటికే విని నిలిచి ఉన్న సువార్తనే మళ్ళీ రాశాడు. పండుగ రోజున పాత విశ్వాసుల కోసం ఏదో కొత్త కోణం వెతికితే కొత్తవారికి అసలు కోణమే అందకుండా పోతుంది. ఆమెతో ఆ మాటే చెప్పాను.

కాలేజీ చదివే ఒక అబ్బాయి, “అంటే ఇదే శరీరంతో లేస్తామా? జబ్బుతో పోయినవాళ్ళు అదే జబ్బు శరీరంతోనా?” అని అడిగాడు. దీనికి పౌలు వాడిన గింజ పోలిక కంటే మెరుగైనది నాకు తెలియదు. విత్తిన గోధుమ గింజకూ మొలిచినదానికీ తెగిపోని సంబంధం ఉంది, కానీ మొలిచింది గింజలా ఉండదు. బలహీనమైనదిగా విత్తబడి బలమైనదిగా లేస్తుంది. వచ్చేసారి ఈ మాట ప్రసంగంలోనే ఉండాలి. అందుకోసం శుక్రవారం భాగంలో రెండు వాక్యాలు తగ్గిస్తాను.

అన్నిటికంటే కష్టమైన ప్రశ్న, భార్యను పోగొట్టుకున్న ఒక పెద్దమనిషిది. “పాస్టర్ గారూ, తనవాళ్ళను బయటికి తెస్తాడన్నారు. మా ఆవిడ నమ్మలేదు. మరి ఆమె?”

ఈ ప్రశ్న వస్తుందని ముందే అనుకున్నాను. ప్రసంగం అంత స్పష్టంగా ఉంటే రాక తప్పదు. దీనికి రెండు సులువైన జవాబులున్నాయి. ‘ఆమె తప్పకుండా ప్రభువు దగ్గరే ఉంది’ అనడం ఒకటి, అది నాకు తెలియని విషయాన్ని తెలిసినట్టు చెప్పడం. ‘నమ్మలేదు కాబట్టి లేదు’ అనడం రెండోది, అది ఒక మనిషి చివరి ఘడియల్లో మనసు చూసినట్టు మాట్లాడడం. రెండూ నా అధికారంలో లేవు. “అన్నా, ఆవిడ మనసులో చివరికి ఏముందో నాకు తెలీదు, మీకూ పూర్తిగా తెలీదు. ఆవిడ గురించి తీర్పు చెప్పేది నేను కాదు. సమాధి దగ్గర ఏడ్చినవాడు, సిలువ మీద పక్కనున్న దొంగ ఆఖరి మాట విన్నవాడు చెబుతాడు. ఆయన అన్యాయం చేయడని మాత్రం నాకు తెలుసు” అన్నాను. అబ్రాహాము అడిగిన ప్రశ్న చెప్పాను, ‘సర్వలోకమునకు తీర్పు తీర్చువాడు న్యాయము చేయడా?’ అని. ఆయన తృప్తిపడ్డారని చెప్పలేను. కానీ ఆ రోజు వెంటనే వెళ్ళిపోలేదు, చాలాసేపు ఆవిడ గురించి మాట్లాడారు. నేను విన్నాను.

ప్రసంగం చేయలేని పని

పద్దెనిమిది నిమిషాల్లో సాక్ష్యం చెప్పవచ్చు. దాన్ని పరిశీలించుకోవడానికి ఆ సమయం చాలదు. ఏథెన్సులో పౌలు మృతుల పునరుత్థానం గురించి చెప్పినప్పుడు కొందరు అపహాస్యం చేశారు, కొందరు ‘దీనిగూర్చి నీవు చెప్పునది ఇంకొకసారి విందుము’ అన్నారు. ఆ రెండో రకం వారికి ఇంకొకసారి వినే వీలు ఉండాలి. వచ్చే ఆదివారం రమ్మని చెబితే చాలామంది రారు. అందుకే ఈస్టర్ తర్వాతి వారాల్లో నాలుగు సాయంత్రాలు లూకా చివరి రెండు అధ్యాయాలు కలిసి చదువుకోవడానికి పెట్టాం. పాటలు లేవు, కానుక లేదు, ప్రశ్నలు అడగవచ్చు. ఆ సంగతి ఆరాధనలో ఒకే ఒక్కసారి ప్రకటించాం.

వచ్చినవారు కొద్దిమందే. ఆ పెద్దమనిషి రెండో సాయంత్రం వచ్చారు. భార్య సంగతి మళ్ళీ ఎత్తలేదు. అరిమతయియ యోసేపు గురించి అడిగారు: అంత పెద్ద సభలో సభ్యుడై ఉండి, శిక్షపడి చచ్చిన మనిషి దేహాన్ని పిలాతు దగ్గరికి వెళ్ళి అడగడానికి అతనికి అంత ధైర్యం ఎలా వచ్చిందని. ఆ సాయంత్రం మిగతా సమయమంతా 23వ అధ్యాయంలోని ఆ నాలుగైదు వచనాల మీదే గడిచింది.